ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు పశువైద్య క్లినిక్‌కు ఖర్చు అడుగుతూ ఏం రాయాలి?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా లాబ్రడార్ చిన్నికి ఏడేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. నాలుగు రోజులుగా సరిగా తినట్లేదు, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతోంది, వెనక నుంచి ఎర్రటి చీములాంటిది కారుతోంది. ఈ రోజు క్లినిక్‌కు తీసుకెళ్తే గర్భసంచిలో చీము పట్టింది, ఆపరేషన్ చేయాలి, ఆలోచించుకుని చెప్పండి అన్నారు. ఎంతవుతుందని అక్కడ అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడు వాట్సాప్‌లో అడుగుదామనుకుంటున్నాను. ఎలా రాయాలి? డబ్బు సంగతి ఎత్తితే కుక్క మీద ప్రేమ లేదనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

మెసేజ్ సంగతికి ముందు ఒక్క మాట. దీన్ని రేపటికి పెట్టుకోకండి. గర్భసంచిలో చీము అంటే లోపల విషం తయారవుతూ రక్తంలోకి ఎక్కుతున్నట్టు. అన్ని నీళ్లు తాగడం ఎండకు కాదు, ఆ విషం మూత్రపిండాల పనిని చెడగొడుతున్నందుకు. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు కారుతున్న చీము ఉన్నట్టుండి ఆగిపోతే తగ్గిపోయిందని సంతోషపడకండి. గర్భసంచి ముఖం మూసుకుపోయి చీమంతా లోపలే నిలబడిపోయిందేమో చూడాలి. అప్పుడు మెసేజ్‌లతో పని లేదు, కుక్కను బండిలో వేసుకుని వెళ్లడమే.

చిత్తూరులో ఒక పెంపుడు జంతువుల క్లినిక్‌లో పన్నెండేళ్లు కౌంటర్ దగ్గర పని చేశాను. ఎస్టిమేట్ రాసేది, అడ్వాన్స్ తీసుకునేది, చివర్న బిల్లు చెప్పి మాటలు పడేది నేనే. కాబట్టి మీ టెన్షన్‌కు అవతలి వైపు నుంచి జవాబు చెబుతాను. ఖర్చు అడిగినవాళ్లను చూసి మేమెప్పుడూ ప్రేమ లేదనుకోలేదు. మాకు భయం వేసేది ఏమీ అడగకుండా అన్నిటికీ తలూపి, డిశ్చార్జి రోజు బిల్లు చూసి నిలబడిపోయేవాళ్లతోనే. ముందు అడిగినవాళ్లకు వాళ్ల చేతిలో ఉన్న డబ్బుకు తగ్గట్టు వైద్యం ఎలా నడపాలో డాక్టర్ ఆలోచించి పెట్టుకోవచ్చు. ఆఖర్న అడిగినవాళ్లకు అప్పటికే అయిపోయిన పనికి లెక్క చెప్పడం తప్ప ఇంకేం చేయగలం.

అయితే అందరూ అడిగే పద్ధతిలోనే చిక్కుంది. "మేడం, మొత్తం ఎంతవుతుంది?" అని ఒక్క ముక్క పంపుతారు. ఆ ముక్కకు నిజాయితీగా జవాబు చెప్పడం డాక్టర్‌కు కూడా కుదరదు. రక్త పరీక్ష రాలేదు, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తెలియదు, ఎన్ని రోజులు సెలైన్ ఎక్కించాలో తెలియదు. అందుకని ఏదో ఒక అంకె చెబుతారు, లేదా "చూద్దాం అండీ, తీసుకురండి" అంటారు. ఆ అంకె దేనికి చెప్పారో వాళ్లకు గుర్తుంటుంది, మీరు మొత్తానికి అనుకుంటారు.

నా ఇంట్లోనే జరిగింది ఇది. ఈ ఉద్యోగంలో చేరకముందు మా పామరేనియన్‌కు ఇదే జబ్బు వచ్చింది. వేరే ఊళ్లో ఒక క్లినిక్‌కు తీసుకెళ్తే "పదైదు దాకా అవుతుందమ్మా" అన్నారు. సరే అన్నాం. నాలుగో రోజు బిల్లు ఇరవై ఏడు వేలు. మా ఆయన కౌంటర్ మీద చెయ్యి పెట్టి "అదేంది సార్, పదైదు అంటిరి కదా" అంటే, "అది సర్జరీకి మాత్రమే సార్, అడ్మిషను, మందులు, రెండోసారి రక్త పరీక్ష వేరే" అన్నారు. క్లినిక్ వాళ్లు అబద్ధం చెప్పలేదు. మేమూ తప్పుగా వినలేదు. పదైదు అన్న మాటకు చుట్టూ గీత గీయలేదు, అంతే. తర్వాత నేను కౌంటర్‌లో కూర్చున్నాక ఎవరికీ నోటి మాటతో అంకె చెప్పకపోవడానికి ఆ రోజే కారణం.

మీ మెసేజ్‌లో అసలు జరగాల్సిన పని ఒకటే. రెండు విషయాలను విడదీయండి. ఈ రాత్రి వెంటనే మొదలుపెట్టాల్సిన వైద్యానికి ఇప్పుడే ఒప్పుకోండి, ఒక హద్దు పెట్టి. ఆపరేషన్‌కు మాత్రం అంచనా కాగితం చూశాక ఒప్పుకుంటామని చెప్పండి. ఈ రెండూ కలిపేస్తే, మీరు అంచనా కోసం, వాళ్లు మీ సరే కోసం ఎదురుచూస్తూ ఉంటారు, కుక్కకు సెలైన్ పడదు. నా కళ్ల ముందు అలా సగం రోజు పోయిన కేసులు ఉన్నాయి.

ఈ విభజన నేను కల్పించింది కాదు, వైద్యం నడిచే తీరే అది. చీము పట్టిన కుక్కను తెచ్చిన వెంటనే టేబుల్ ఎక్కించరు. ముందు రక్తం తీసి రక్తకణాల లెక్క, క్రియాటినిన్, యూరియా చూస్తారు, స్కాన్‌లో గర్భసంచి ఎంత ఉబ్బిందో చూస్తారు. సెలైన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పెట్టి కొన్ని గంటలు కుక్క కుదుటపడేలా చూస్తారు. రక్తపోటు పడిపోయి, ఒంట్లో నీరు లేని కుక్కకు మత్తు ఇస్తే మత్తులోనే పోయే ప్రమాదం ఉంది. ఆ కొన్ని గంటల్లోనే పరీక్షల ఫలితం వస్తుంది, అప్పుడే సరైన అంచనా రాయడం కుదురుతుంది. అంటే మొదటి భాగం ఖర్చు ఇప్పుడే చెప్పగలరు. రెండో భాగం మొదటి భాగం అయ్యాకే చెప్పగలరు.

ఇదీ నేనైతే పంపే మెసేజ్. బరువు, తేదీలు, రూపాయలు మీవి మీరు పెట్టుకోండి.

"నమస్కారం మేడం. ఈ రోజు సాయంత్రం మీ దగ్గరికి వచ్చిన చిన్ని వాళ్లం. లాబ్రడార్, ఆడది, 7 ఏళ్లు, 28 కిలోలు. గర్భసంచిలో చీము, ఆపరేషన్ అవసరమని చెప్పారు. చివరిసారి హీట్‌కు వచ్చి ఆరు వారాలైంది. చీము ఇంకా కారుతోంది. మధ్యాహ్నం నుంచి రెండుసార్లు వాంతి అయింది. పొద్దుట ఎనిమిదికి కొంచెం పెరుగన్నం తిన్నది, తర్వాత ఏమీ తినలేదు.

ఈ రాత్రికి కావలసిన రక్త పరీక్ష, స్కాన్, సెలైన్, ఇంజెక్షన్లు 5,000 రూపాయల వరకు మళ్లీ మమ్మల్ని అడగకుండా మొదలుపెట్టండి. అరగంటలో తీసుకొస్తాం.

పరీక్షలు వచ్చాక, ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు, అంచనా రాసి ఇవ్వండి. అన్నీ సవ్యంగా జరిగితే మొత్తం ఎంత, ఇబ్బంది వస్తే ఎంతదాకా పోవచ్చు, దేనివల్ల పెరుగుతుంది? మత్తు, అడ్మిషన్, మందులు, కుట్లు తీయడం అందులో కలిశాయా, వేరేనా? అడ్వాన్స్ ఎంత కట్టాలి?

మేము 25,000 వరకు సర్దుకోగలం. అది దాటేలా ఉంటే ముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఆపరేషన్ మధ్యలో ఫోన్ దొరక్కపోతే మాత్రం ఆగొద్దు, ఇంకో 3,000 దాకా మీ నిర్ణయమే."

మెసేజ్ క్లినిక్ నంబరుకు పంపండి, డాక్టర్ సొంత నంబరుకు కాదు. పంపిన పది నిమిషాలకు ఫోన్ చేసి "మెసేజ్ పెట్టాం, చూడండి" అనండి. చేతులకు గ్లవ్స్ వేసుకున్న డాక్టర్ వాట్సాప్ చూడరు. నీలం టిక్కులు రాలేదని పట్టించుకోలేదనుకుని ఇంకో క్లినిక్‌కు పరిగెత్తిన వాళ్లూ ఉన్నారు.

అందులో ప్రతి ముక్కా ఎందుకు పెట్టానో కొంచెం చెబుతాను. ఇది మీరు మార్చుకోవాల్సి వస్తే ఏది తీయకూడదో తెలియాలి కదా.

బరువు రాయడం ఉత్త మర్యాదకు కాదు. మత్తు మందు, సెలైన్, యాంటీబయాటిక్ అన్నీ కిలోల లెక్కన పడతాయి. పది కిలోల పామరేనియన్ బిల్లు, ముప్పై కిలోల లాబ్రడార్ బిల్లు ఒకటి కావు. పక్కింటివాళ్లు "మా కుక్కకు ఇంతే అయింది" అంటే ఏ కుక్క, ఎన్ని కిలోలు అని అడగండి. కుక్క బరువు తెలియకపోతే మీరు బరువు చూసే మిషన్ మీద కుక్కను ఎత్తుకుని నిలబడి, తర్వాత మీ బరువు తీసేయండి. ఎత్తేటప్పుడు పొట్ట నొక్కుకోకుండా చూడండి. ఉబ్బిన గర్భసంచి గోడ పలచగా ఉంటుంది, ఒత్తిడికి చిట్లొచ్చు. ఏమాత్రం బరువు అనిపించినా ఎత్తకండి, క్లినిక్‌లోనే తూస్తారు.

హీట్ తేదీ డాక్టర్‌కు పెద్ద సాక్ష్యం. ఈ జబ్బు ఎక్కువగా హీట్ అయిపోయిన తర్వాత ఒకటి రెండు నెలల్లో బయటపడుతుంది. హీట్ తర్వాత ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ చాలా వారాలు గర్భసంచి గోడను మందంగా, తేమగా ఉంచుతుంది, ముఖాన్ని మూసి ఉంచుతుంది. లోపల చేరిన సూక్ష్మజీవులకు, ఎక్కువసార్లు ఈకోలైకి, అదే మంచి చోటు. తేదీ కచ్చితంగా గుర్తులేకపోతే "ఉగాది ముందు" అన్నట్టుగానైనా రాయండి.

ఎప్పుడు తిన్నదో రాయడం మత్తు కోసం. కడుపులో అన్నం ఉండగా మత్తిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇక్కడ నేను ఎందరినో చూశాను. ఆపరేషన్‌కు ముందు బలం కావాలని అమ్మమ్మలు గుడ్డు, పాలు పట్టిస్తారు. పాపం వాళ్ల తప్పు కాదు. కానీ దాని వల్ల ఆపరేషన్ కొన్ని గంటలు వెనక్కి పోతుంది.

ఇప్పుడు "ఇబ్బంది వస్తే ఎంతదాకా" అన్న మాట. ఒకే అంకె అడిగితే తక్కువదే వస్తుంది. రెండు అంకెలు అడిగితే మధ్యలో ఏముందో డాక్టర్ చెప్పక తప్పదు. ఆ మధ్యలో ఉండేది సాధారణంగా మూడు విషయాలు. మూత్రపిండాలు దెబ్బతిని అడ్మిషన్ రోజులు పెరగడం, గర్భసంచి అప్పటికే చిట్లి కడుపంతా కడగాల్సి రావడం, రక్తం తక్కువై ఎక్కించాల్సి రావడం. మన వైపు వీటికి నాలుగోది తోడవుతుంది, గోమార్ల జ్వరం. గోమార్ల నుంచి వచ్చే ఎర్లీషియా లాంటి జబ్బులున్న కుక్కల్లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకు కడుపు కోస్తే రక్తం ఆగదు. పైకి కుక్క బాగానే కనిపిస్తుంది, రక్త పరీక్షలోనే తెలుస్తుంది. అందుకే డబ్బు తక్కువుంది, రక్త పరీక్ష లేకుండా చేసేయండి అనొద్దు. అక్కడ మిగిలిన వెయ్యిన్నర రూపాయలు టేబుల్ మీద రక్తంలో పోతాయి.

ఒక కేసు లెక్క చెబుతాను, కాగితం నా చేత్తో రాసిందే. పాకాల వైపు నుంచి వచ్చిన లాబ్రడార్, మీ చిన్ని లాంటిదే, 28 కిలోలు. వాళ్లు పై మెసేజ్‌లాంటిదే పంపారు, 25,000 హద్దు పెట్టి. అవి ఆ ఏడాది మా క్లినిక్ రేట్లు. మీ క్లినిక్‌లో అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క నడిచే దారి మాత్రం ఇదే.

మొదటి రోజు చూపించినందుకు 400, రక్త పరీక్షలు 1,600, స్కాన్ 1,200, సెలైన్, ఇంజెక్షన్లు 1,300. మొత్తం 4,500. వాళ్లు పెట్టిన ఐదు వేల హద్దులోనే ఉంది కాబట్టి ఫోన్ చేయకుండానే అంతా అయిపోయింది. ఆపరేషన్‌కు గ్యాస్ మత్తు 3,500, సర్జరీ ఫీజు 8,000, కుట్ల దారం, గ్లవ్స్, దూది లాంటివి 2,000. అంటే 13,500. అడ్మిషన్ రోజుకు 1,200, రెండు నుంచి నాలుగు రోజులు. ఇంటికి ఇచ్చే మందులు 1,000, కుట్లు నాకకుండా మెడకు వేసే కోన్ 500. తక్కువలో తక్కువ 21,900, ఎక్కువలో ఎక్కువ 24,300. రక్తం ఎక్కించాల్సి వస్తే ఇంకో 5,000 అని కింద గీత గీసి వేరుగా రాశాను.

రాత్రి తొమ్మిదింటికి రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు 68,000. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు రెండు లక్షల పైన ఉండాలి. డాక్టర్ గారు వాళ్లకు ఫోన్ చేసి చెప్పారు: "ఇది గోమార్ల జ్వరం కావచ్చు. ఈ అంకెతో ఆపరేషన్ చేయొచ్చు కానీ రక్తం ఎక్కువ పోవచ్చు. ఆపితే చీము ఆగదు. రేపు పొద్దున చేద్దాం, మీకు తెలిసినవాళ్ల ఆరోగ్యమైన పెద్ద కుక్కను ఒకదాన్ని రక్తం ఇవ్వడానికి సిద్ధంగా పెట్టుకోండి." వాళ్లు పక్క వీధి జర్మన్ షెపర్డ్‌ను తెచ్చి వరండాలో కట్టేశారు. చివరికి దాని అవసరం రాలేదు. అది మాత్రం రెండు బిస్కెట్ ప్యాకెట్లు తిని వెళ్లింది.

అడ్మిషన్ మూడు రోజులు, 3,600. ప్లేట్‌లెట్లకు మళ్లీ రక్త పరీక్ష 500. నాలుగు వారాలకు డాక్సీసైక్లిన్ మాత్రలు 800. ఆఖరి బిల్లు 24,400. పై అంకె కంటే వంద రూపాయలు ఎక్కువ. ఆ యజమాని బిల్లు, ఎస్టిమేట్ పక్కపక్కన పెట్టుకుని వేలితో ఒక్కో వరుసా చూసుకుని, ఆ వంద ఎక్కడినుంచి వచ్చిందో తనే కనుక్కున్నాడు. అడ్మిషన్‌లో ఒక రోజు తగ్గి 1,200 మిగిలింది, ప్లేట్‌లెట్ల పరీక్ష, మాత్రలు కలిసి 1,300 పెరిగింది. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

హద్దు చెప్పడం గురించి మీకు అనుమానం రావచ్చు. ఉన్నదంతా చెప్పేస్తే అంతా లాగేస్తారేమో అని. నేను చూసినంతలో ఎక్కువసార్లు తిరగబడే జరుగుతుంది. హద్దు తెలిసిన డాక్టర్ ముందే "ఇందులో ఇది చేద్దాం, అది వదిలేద్దాం" అని చెప్పగలరు. హద్దు తెలియని డాక్టర్ పుస్తకంలో ఉన్నట్టు అన్నీ రాస్తారు. మీకు అంత నమ్మకం కుదరకపోతే మీ అసలు హద్దుకు నాలుగైదు వేలు తగ్గించి రాయండి, అది తప్పేమీ కాదు. కానీ హద్దే రాయకుండా ఉండకండి. "ఇంకో 3,000 దాకా మీ నిర్ణయమే" అన్న మాట కూడా తీయకండి. కడుపు తెరిచి గర్భసంచి బయటికి తీస్తున్నప్పుడు అది చిట్లిందని తెలిస్తే, డాక్టర్ గ్లవ్స్ తీసి మీకు ఫోన్ చేసి మళ్లీ వచ్చేదాకా కుక్క మత్తులో పడి ఉంటుంది. ఆ కాస్త వెసులుబాటు మీరు ముందే ఇస్తే వాళ్ల చెయ్యి ఆగదు.

కాగితం చేతికి వచ్చాక ఎక్కువ అనిపిస్తే "తగ్గించండి" అనకుండా "ఇందులో ఏది లేకుండా నడుస్తుంది?" అని అడగండి. గ్యాస్ మత్తు బదులు ఇంజెక్షన్ మత్తుతో చేయొచ్చా అనేది కుక్క గుండె, మూత్రపిండాల స్థితి చూసి డాక్టర్ చెప్పాలి. కొన్నిసార్లు కుదురుతుంది, మీ చిన్ని వయసుకు, ఈ జబ్బుకు గ్యాస్ మేలు అంటే వినండి. ఆపరేషన్ తర్వాత రాత్రికి క్లినిక్‌లో ఉంచకుండా పొద్దున తెచ్చి సెలైన్ పెట్టించి సాయంత్రం తీసుకెళ్లొచ్చా అనేది కూడా అడగొచ్చు. మొదటి రాత్రికి మాత్రం అడగకండి. రక్త పరీక్ష, ఆపరేషన్ ముందు సెలైన్, నొప్పి మందు, ఈ మూడింట్లో కోత పెట్టొద్దు. నొప్పి మందు విషయంలో ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు వేయడం అస్సలు కూడదు. ఐబుప్రొఫెన్ లాంటివి కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, మీ కుక్క మూత్రపిండాలు ఇప్పటికే కష్టంలో ఉన్నాయి.

ఇంకో దారి అడుగుతారని తెలుసు. ఆపరేషన్ లేకుండా మందులతో తగ్గదా అని. యాంటీబయాటిక్ ఒక్కటే వేస్తే నాలుగు రోజులు తేరుకున్నట్టు కనిపించి మళ్లీ వస్తుంది, రెండోసారి ఇంకా బలహీనంగా ఉన్నప్పుడు వస్తుంది. హార్మోన్‌ను దించే ఇంజెక్షన్లతో గర్భసంచిని కాపాడే వైద్యం ఉంది, కానీ అది పిల్లలు కావాలనుకునే చిన్న వయసు కుక్కలకు, చీము బయటికి కారుతున్నప్పుడు, రోజూ దగ్గరుండి చూస్తూ చేసేది. అది అయినా తర్వాతి హీట్‌కు మళ్లీ రావచ్చు. ఏడేళ్ల కుక్కకు దాన్ని డబ్బు మిగిలే దారి అనుకోకండి. గర్భసంచి, అండాశయాలు తీసేస్తే ఆ ఇల్లే ఉండదు కాబట్టి చీము పట్టడానికి చోటుండదు.

25,000 మీకు అసలు కుదరదు అనుకుంటే మొహమాటం లేకుండా మెసేజ్‌లోనే ఒక వాక్యం చేర్చండి: "అంత పెట్టుకోలేం, సెలైన్, ఇంజెక్షన్ పెట్టి పశువైద్య కళాశాల ఆసుపత్రికి రాసివ్వగలరా? రిపోర్టుల కాపీలు ఇవ్వండి." మన తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, ఇప్పుడది శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. దాని ఆసుపత్రిలో కుక్కలకు, పిల్లులకు కూడా ఆపరేషన్లు చేస్తారు. ప్రభుత్వ సంస్థ కాబట్టి ప్రైవేటు కంటే చాలా తక్కువలో అవుతుంది, మందులు, కుట్ల సామాను కొన్ని బయట కొనుక్కురమ్మనొచ్చు. రద్దీ ఉంటుంది, విద్యార్థులు చుట్టూ నిలబడి చూస్తారు, దానికి చిన్నబుచ్చుకోకండి. బయలుదేరే ముందు ఫోన్ చేసి ఆ రోజు సర్జన్ ఉన్నారా, రాత్రి అయితే చూసేవాళ్లు ఉన్నారా అని కనుక్కోండి. ముందటి క్లినిక్ నుంచి రిపోర్టుల కాపీలు, ఏ ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చారో రాసిన కాగితం చేతిలో ఉంటే అవే పరీక్షలకు రెండోసారి డబ్బు పోదు. చేయించిన పరీక్షకు రిపోర్టు అడిగితే ఏ క్లినిక్ వాళ్లూ తప్పు పట్టరు.

అడ్వాన్స్ గురించి రెండు మాటలు. సగం కట్టమని అడగడం మామూలే, అది మోసం కాదు. మందులు, కుట్ల దారం వాళ్లు ముందు కొనిపెట్టుకున్నవే. కట్టినప్పుడు రసీదు తీసుకోండి, దాని మీద ఎస్టిమేట్ తేదీ రాయించండి. ఒకవేళ టేబుల్ మీదే కుక్క పోతే బిల్లు ఎంతవరకు వేస్తారు అని కూడా అడగాలి. అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు. కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లను అడగండి, డాక్టర్‌ను కాదు. మాకు ఆ ప్రశ్న అలవాటే. బిల్లులో జీఎస్టీ కనిపిస్తే మాత్రం అడగండి. జంతువుల వైద్య సేవకు పశువైద్య క్లినిక్ తీసుకునే ఫీజు మీద జీఎస్టీ లేదు. వాళ్లు వేరుగా అమ్మే మందులు, కుక్కల ఆహారం మీద ఉంటుంది.

అంచనా వాట్సాప్‌లోనే పంపితే చాలు, ముద్ర, సంతకం కావాలని పట్టుబట్టకండి. తెల్ల కాగితం మీద పెన్నుతో రాసి ఫోటో తీసి పంపినా సరే. మీరు తిరిగి "చూశాం, ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నాం, 25,000 దాటేముందు ఫోన్ చేయండి" అని రాసి పంపండి. అది రేపు ఎవరి మతిమరుపుకైనా తోడు. ఫోన్‌లో మాట్లాడుకున్నా సరే, పెట్టేశాక అదే సంగతి రెండు వాక్యాల్లో మెసేజ్ చేయండి.

బయలుదేరేటప్పుడు బండిలో పాత చీర ఒకటి పరవండి, చీము మరకలు పోవు. చిన్నిని పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తకుండా ఒక చెయ్యి ముందుకాళ్ల ముందు ఛాతీ చుట్టూ, ఇంకో చెయ్యి వెనకకాళ్ల వెనక వేసి ఎత్తండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోకండి. ఆ 25,000 సంగతి మీరే చెప్పారు, ఆ ఫోన్ ఎప్పుడైనా రావచ్చు.